వీడియో బాగానే ఉంది, షాపెక్కడ?

కంప్యూటర్ నుంచి యూట్యూబ్‌కి వీడియో ఎక్కించేటప్పుడు టైటిల్ గడి ఖాళీగా కనిపించదు. ఫైలు పేరు ముందే వచ్చి అందులో కూర్చుంటుంది. ఫోన్‌తో తీసిన వీడియో అయితే ఆ పేరు `VID_20250614_181532` లాగా ఉంటుంది. 2025 జూన్ 14 సాయంత్రం ఆరుంబావుకి తీశారన్న సంగతి తప్ప అందులో ఇంకే కబురూ లేదు. తొందరలో దాన్ని అలాగే వదిలేసి పబ్లిష్ నొక్కేసేవాళ్ళు చాలామంది. లోపల షాపాయన చెమటలు కక్కుతూ మిషన్ విప్పి, బిగించి, నడిపి చూపిస్తుంటాడు. బయట మాత్రం నాలుగు అంకెలు, ఒక గీత.

ఇంకో రకం వాళ్ళుంటారు. ఎవరో చెప్పారని టైటిల్లో `Best`, `Low Price`, `2025` అన్నీ కూరుస్తారు. వీడియో ఆడుతుంది, వ్యూస్ కూడా వస్తాయి. కానీ కింద కామెంట్లు చూస్తే ఒకరు హిందీలో రేటు అడుగుతుంటారు, ఇంకొకరు ఒడిశాకి కొరియర్ పంపుతారా అంటారు. ఎదురు వీధిలో ఉన్న రైతుకి మాత్రం ఆ వీడియో సంగతే తెలియదు. పట్నంలో ఒక్క షాపు, ఒక్క గోడౌను ఉన్న మనిషికి ఒడిశా వ్యూతో ఒరిగేది ఏమీ లేదు.

వీడియో చుట్టూ మనం రాసే మాటలన్నిటినీ కలిపి మెటాడేటా అంటారు. టైటిల్, కింద రాసే వివరణ, థంబ్‌నెయిల్ బొమ్మ, భాష, చోటు, ట్యాగులు, లోపలి భాగాలకు పెట్టే టైములు అన్నీ అందులోవే. వీటి గురించి నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు లక్షల మంది చూడాలని కోరుకునే చానెళ్ళ కోసం చెప్పినవి. ఊళ్ళో షాపు లెక్క వేరు. ఇక్కడ వీడియో చూసిన మనిషి బండి వేసుకుని రాగలిగినంత దూరంలో ఉండాలి. అంటే రావాల్సిన వాళ్ళను పిలవడం ఎంత ముఖ్యమో, రాలేని వాళ్ళను మొదటి చూపులోనే పంపించెయ్యడం కూడా అంతే ముఖ్యం. నా మట్టుకు నాకు రెండోదే ఎక్కువ అనిపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నరసరావుపేటలో వ్యవసాయ పనిముట్లు అమ్మే షాపు ఉందనుకోండి. చుట్టూ మిర్చి, పత్తి. సీజన్లో ఎక్కువగా పోయే సరుకు 16 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల బ్యాటరీ ఉన్న స్ప్రేయర్. వీపుకి తగిలించుకుని మందు కొట్టేది. షాపాయన అయిదు నిమిషాల వీడియో తీశాడు. పెట్టె విప్పాడు, చార్జర్ పెట్టి చూపించాడు, నాజిల్ మార్చాడు, ట్యాంకు నిండా నీళ్ళు పోసి షాపు ముందు రోడ్డు మీద కొట్టి చూపించాడు. వీడియోకి వంక పెట్టడానికి లేదు. ఇప్పుడు రాయాల్సింది మిగిలింది.

రాయడానికి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, అది కౌంటరు దగ్గరే జరుగుతుంది. వచ్చిన రైతు ఆ వస్తువుని ఏమని అడుగుతున్నాడో ఒక కాగితం మీద రాసుకోవాలి. కంపెనీ పెట్టె మీద `Knapsack Sprayer` అని ఉంటుంది. కౌంటరు దగ్గర ఆ మాట ఎవరి నోటా రాదు. “చార్జింగ్ స్ప్రేయర్ ఉందా” అంటాడు ఒకాయన. “మందు కొట్టే మిషన్, బ్యాటరీది” అంటాడు ఇంకొకాయన. “తైవాన్ స్ప్రేయర్ కాదు, చార్జింగ్‌ది చూపించు” అని పెట్రోలు మిషన్‌తో తేడా చెప్పి మరీ అడిగేవాళ్ళూ ఉంటారు. వెంటనే వచ్చే రెండో ప్రశ్న దాదాపు అందరిదీ ఒకటే: “ఒక్క చార్జింగ్‌కి ఎన్ని ట్యాంకులు కొడుతుంది?” బ్యాటరీ ఎన్ని ఆంపియర్ అవర్లు అని అడిగేవాళ్ళు తక్కువ. రైతు లెక్క ట్యాంకుల్లో ఉంటుంది. టైటిల్‌కి కావాల్సిన ముడిసరుకు ఈ రెండు వాక్యాలే.

ఆ మాటలను యూట్యూబ్ వెతికే గడిలో ఒకసారి కొట్టి చూడాలి. సగం మాట కొట్టగానే కింద సూచనలు దిగుతాయి. అవి జనం నిజంగా వెతుకుతున్న మాటలు. ఇక్కడ ఒక సంగతి బయటపడుతుంది. తెలుగులో వెతికేవాళ్ళు చాలామంది ఇంగ్లీషు అక్షరాలతోనే వెతుకుతారు, `charging sprayer`, `mandu kotte machine` అంటూ. మైకు నొక్కి నోటితో అడిగేవాళ్ళ మాట మాత్రం తెలుగు లిపిలో పడుతుంది. కాబట్టి టైటిల్లో రెండు లిపులకూ చోటివ్వాలి.

టైటిల్‌కి యూట్యూబ్ ఇచ్చే హద్దు 100 క్యారెక్టర్లు. తెలుగులో ఇది కంటికి కనిపించినంత పెద్ద జాగా కాదు. గుడులు, కొమ్ములు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. “స్ప్రే” అని చూడ్డానికి ఒక్క అక్షరం. యంత్రానికి మాత్రం స, పొల్లు, ప, పొల్లు, ర, ఏత్వం కలిపి ఆరు. “స్ప్రేయర్” అనే మాట మొత్తం తొమ్మిది తింటుంది. పైగా ఫోన్లో వీడియోల వరుసలో టైటిల్ మొత్తం కనపడదు, చివర తెగిపోతుంది. అందుకని వస్తువు, ప్రశ్న ముందు రావాలి, ఊరు వాటి వెంటనే ఉండాలి. మన షాపుకి కుదిరిన టైటిల్ ఇది:

```
చార్జింగ్ స్ప్రేయర్ ఎన్ని ట్యాంకులు కొడుతుంది? | నరసరావుపేట | Battery Sprayer Narasaraopet
```

ఖాళీలతో కలిపి లెక్కేస్తే ఇది 90. హద్దు లోపలే ఉంది. ఇందులో షాపు పేరు లేదు చూశారా? చాలామందికి ఇది మింగుడు పడదు. తాతగారి పేరు మీద పెట్టిన షాపు, టైటిల్లో మొదట అదే ఉండాలంటారు. షాపు పేరు తెలిసినవాడు నేరుగా షాపుకే వస్తాడు, వాడికి వీడియోతో పనిలేదు. పేరు ఎలాగూ చానెల్ పేరుగా వీడియో పక్కనే కనిపిస్తుంది. టైటిల్లో ఇరవై అక్షరాలు దానికి ఇవ్వడం దండగ.

టైటిల్లో ప్రశ్న వేశాక వీడియోలో దానికి జవాబు ఉండాలి. లేకపోతే జనం అర నిమిషంలో వెనక్కి పోతారు. ఇక్కడ షాపాయన ఒక జాగ్రత్త తీసుకోవాలి. కంపెనీ కరపత్రంలో రాసిన ట్యాంకుల సంఖ్య కొత్త బ్యాటరీతో, వాళ్ళకు అనువైన నాజిల్‌తో వచ్చింది. నాజిల్ మారితే, ఒత్తిడి పెంచితే, బ్యాటరీకి ఏడాది నిండితే ఆ సంఖ్య తగ్గుతుంది. తను షాపులో నీళ్ళతో ఎన్ని ట్యాంకులు ఖాళీ చేశాడో, ఏ నాజిల్‌తో చేశాడో వివరణలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. రేపు “నువ్వు చెప్పినన్ని రాలేదు” అని మిషన్ పట్టుకొచ్చే రైతుకి అదే జవాబు.

ఊరి పేరు దగ్గర కాసేపు ఆగాలి, తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. నరసరావుపేటను ఇంగ్లీషులో `Narasaraopet` అని రాసేవాళ్ళున్నారు, `Narsaraopet` అనేవాళ్ళున్నారు, చివర `a` తగిలించేవాళ్ళున్నారు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి ఈ ఊరు జిల్లా కేంద్రమైంది. అంతకుముందు గుంటూరు జిల్లా. అలవాటు కొద్దీ ఇప్పటికీ గుంటూరు అని కొట్టి వెతికేవాళ్ళు ఉంటారు. అందుకే వివరణలో “పల్నాడు (పాత గుంటూరు) జిల్లా” అని రాయడం మంచిది. చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు రాసేటప్పుడు కూడా జిల్లా తోడుండాలి. రొంపిచర్ల అనే మండలం పల్నాడులో ఉంది, చిత్తూరు జిల్లాలోనూ ఉంది. నర్సాపూర్ అంటే మెదక్ వైపు వాళ్ళకు ఒక ఊరు, గోదావరి ఒడ్డున నరసాపురాన్ని ఇంగ్లీషులో అలాగే రాసే వాళ్ళకు ఇంకో ఊరు. అలాంటి పేరున్న ఊళ్ళో షాపు పెట్టినవాళ్ళు జిల్లా పేరు టైటిల్లోనే పెట్టుకోవడం నయం.

యూట్యూబ్ స్టూడియోలో కింద “మరిన్ని చూపు” నొక్కితే వీడియో తీసిన తేదీ, చోటు నింపే గడులు ఉంటాయి. నింపండి, నష్టం లేదు. అయితే అక్కడ నరసరావుపేట అని పెట్టినంత మాత్రాన వీడియో నరసరావుపేట వాళ్ళకే కనిపిస్తుందని అనుకోకూడదు. అది ఎక్కడ తీశారో చెప్పే గుర్తు మాత్రమే. ఎవరికి చూపించాలో చెప్పే మీట కాదు. ఊరి చుట్టూ ఇన్ని కిలోమీటర్లని గీత గీసి ఆ లోపల వాళ్ళకే చూపించాలంటే డబ్బు కట్టి గూగుల్ యాడ్స్‌లో ప్రకటన వెయ్యాల్సిందే. ఉచితంగా పెట్టే వీడియోకి ఊరిని తగిలించేవి మనం రాసే మాటలే. అదే స్టూడియోలో వీడియో భాష తెలుగు అని ఎంచుకోవాలి. ఇంగ్లీషు టైటిల్ ముక్క ఉంది కదా అని భాష కూడా ఇంగ్లీషు పెట్టేస్తుంటారు కొందరు, అది తప్పు.

ఇక వివరణ. 5,000 క్యారెక్టర్ల దాకా రాసుకోవచ్చు, కానీ ఫోన్లో మొదట కనిపించేది రెండు మూడు లైన్లే. మిగతాది చూడాలంటే మనిషి నొక్కాలి, ఎక్కువమంది నొక్కరు. ఆ కాస్త జాగాలో “మా చానెల్‌కి స్వాగతం, లైక్ చెయ్యండి, షేర్ చెయ్యండి” అని రాయడం చూస్తుంటాం. సరుకు కొనాలనుకునే వాడికి అందులో పనికొచ్చేది ఒక్కటీ లేదు. వాడికి కావాల్సినవి మూడే: షాపు ఎక్కడ, ఎలా మాట్లాడాలి, రేటెంత.

```
నరసరావుపేట (పల్నాడు జిల్లా), మల్లమ్మ సెంటర్ దగ్గర. ఉదయం 9 నుంచి రాత్రి 8 వరకు.
వాట్సాప్: https://wa.me/91XXXXXXXXXX?text=Sprayer%20video
రేటు: రూ. ____ (____ తేదీకి). షాపులోనే అమ్మకం, కొరియర్ లేదు.
```

చివరి రెండు మాటలు చిన్నగా కనిపిస్తాయి గానీ, దూరం నుంచి వచ్చే సగం ఫోన్లను అవే ఆపుతాయి. రెండో లైన్లో ఉన్నది వాట్సాప్ వాళ్ళే ఇచ్చిన లింకు పద్ధతి. నొక్కగానే మన నంబరుతో చాట్ తెరుచుకుంటుంది. అవతలి మనిషి నంబరు సేవ్ చేసుకోనక్కర్లేదు. ఇందులో జనం చేసే తప్పు ఒక్కటే. నంబరు ముందు `+` పెడతారు, లేదా అలవాటుగా సున్నా పెడతారు, లేదా మధ్యలో ఖాళీ వదులుతారు. దేశం కోడు 91, దాని వెంటే పది అంకెలు, అంతే ఉండాలి. `?text=` తర్వాత రాసింది చాట్ గడిలో ముందే పడి ఉంటుంది, అవతలి మనిషి పంపు నొక్కితే చాలు. `%20` అన్నది రెండు మాటల మధ్య ఖాళీకి గుర్తు. మిక్సీ వీడియోకి ఒక మాట, స్ప్రేయర్ వీడియోకి ఒక మాట పెట్టుకుంటే, వచ్చిన మెసేజ్ ఏ వీడియో చూసి వచ్చిందో అడగకుండానే తెలిసిపోతుంది. ఊరి షాపుకి ఇంతకంటే నమ్మకమైన లెక్క ఇంకోటి ఉందనుకోను.

లింకు పెట్టాక వేరే ఫోన్ నుంచి నొక్కి చూడాలి. కొత్త చానెల్ అయితే యూట్యూబ్ అడిగే ధృవీకరణ పూర్తయ్యేదాకా బయటి లింకులు ఉత్త అక్షరాల్లా పడి ఉండొచ్చు.

ఇంకో చిక్కు షార్ట్స్‌తో వస్తుంది. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలో, కామెంట్లలో పెట్టిన లింకులు నొక్కితే తెరుచుకోవు. మోసపు లింకుల బెడద తగ్గించడానికి యూట్యూబ్ తీసుకున్న నిర్ణయం అది. తర్వాత 2024 అక్టోబర్ 15 నుంచి నిలువుగా గాని, చదరంగా గాని తీసిన మూడు నిమిషాల లోపు వీడియోలను షార్ట్స్ కిందే లెక్కేస్తున్నారు. ఈ రెండూ కలిసి షాపాయనకు తెలియకుండానే గండి కొడతాయి. ఫోన్ నిలువుగా పట్టుకుని రెండున్నర నిమిషాల డెమో తీశాడనుకోండి, అది షార్ట్ అయిపోతుంది. అంత కష్టపడి రాసిన వాట్సాప్ లింకు ఎందుకూ కొరగాదు. పూర్తి డెమోని ఫోన్ అడ్డంగా పట్టుకుని తియ్యాలి. నిలువుగా తీసిన చిన్న ముక్కని షార్ట్‌గా పెట్టి, స్టూడియోలో “సంబంధిత వీడియో” అనే గడిలో ఆ పెద్ద వీడియోని తగిలిస్తే, షార్ట్ చూసినవాడు అక్కడి నుంచి పెద్దదానికి రాగలుగుతాడు.

రేటు సంగతికి వద్దాం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన వీడియోని తీసి అదే చోట కొత్తది పెట్టడం కుదరదు. కొంత ముక్క కత్తిరించవచ్చు, ఏదైనా చోట మసక వేయవచ్చు, అంతవరకే. మాటలు మార్చలేం. టైటిల్, వివరణ, థంబ్‌నెయిల్ మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కాబట్టి మారేవన్నీ రాతలో ఉండాలి, మారనివి వీడియోలో ఉండాలి. నాజిల్ ఎలా బిగించాలో రెండేళ్ళకైనా మారదు. రేటు మారుతుంది, ఆఫర్ అయిపోతుంది, ఫోన్ నంబరు మారుతుంది, షాపు పక్క సందులోకి వెళ్తుంది.

చాలా డెమోల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. షాపాయన కెమెరా చూసి నవ్వుతూ “ఈ దసరా వరకు మాత్రమే రూ. ఇంత” అని చెప్పేస్తాడు. సంక్రాంతికి ఎవరో ఆ వీడియో చూసి అదే రేటు పట్టుకుని వస్తాడు. అక్కడ మొదలవుతుంది వాదులాట. “వీడియోలో నువ్వే చెప్పావు కదన్నా” అంటే చెప్పడానికి ఏముంటుంది? వీడియోలో “రేటు కింద రాశాం, తేదీ చూసుకోండి” అని చెప్పి ఊరుకుంటే ఆ గొడవే లేదు. వివరణలో రేటు పక్కన తేదీ తప్పకుండా రాయాలి. పెట్టె మీద ముద్రించిన ఎమ్మార్పీ కంటే ఎక్కువకు అమ్మకూడదన్నది ఎటూ చట్టమే. దానికి తక్కువగా ఎంతకు ఇస్తున్నాడో మాత్రమే ఇక్కడ రాసేది. “ఊళ్ళోకెల్లా తక్కువ రేటు” అని టైటిల్లో వేసేవాళ్ళు 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించి మాట్లాడుతుందని ఒకసారి గుర్తు చేసుకోవాలి. రుజువు చూపించలేని మాట పోటీ షాపువాడి చేతికి ఆయుధం ఇవ్వడమే.

థంబ్‌నెయిల్ మీద రేటు వేయాలా అని అడుగుతుంటారు. బొమ్మ మార్చడం తేలిక కాబట్టి వేయొచ్చు, కానీ మార్చడం గుర్తుండదు. దానికి బదులు మిషన్ బొమ్మ పెద్దగా, పక్కన “నరసరావుపేట” అని లావు అక్షరాలతో వేస్తే ఏళ్ళ తరబడి పనికొస్తుంది. కొలత 1280 × 720 పిక్సెళ్ళు. కింది కుడి మూల ఖాళీగా వదలాలి, వీడియో నిడివి చూపించే నల్ల గడి అక్కడ పడుతుంది. సరిగ్గా అక్కడే ఫోన్ నంబరు వేసి చివరి అంకెలు పోగొట్టుకున్నవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు.

వీడియోని భాగాలుగా విడగొట్టే టైములు కూడా వివరణలోనే రాస్తారు:

```
00:00 పెట్టెలో ఏమేం వస్తాయి
00:45 చార్జింగ్ పెట్టే పద్ధతి
01:40 నాజిల్ మార్చడం
03:05 నీళ్ళతో కొట్టి చూపించడం
04:20 కడిగి దాచుకోవడం
```

మొదటిది `00:00` కావాలి, మొత్తం కనీసం మూడుండాలి, వరుస తప్పకూడదు, ఏ భాగమూ పది సెకన్ల కంటే చిన్నది కాకూడదు. ఇందులో ఏది తప్పినా భాగాలు కనిపించవు, టైములు మాత్రం ఉత్త లింకుల్లా మిగులుతాయి. దీని అసలు లాభం కొనబోయే వాడికంటే కొన్నవాడికి ఎక్కువ. నాజిల్‌లో నలక పడితే పొలం గట్టు మీది నుంచే షాపుకి ఫోన్ వస్తుంది. అప్పుడు “వీడియోలో నాజిల్ మార్చడం అని ఉంది, అది నొక్కు బాబాయ్” అని చెప్పి పెట్టెయ్యొచ్చు.

ట్యాగుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. వీడియోని వెతికి పట్టుకోవడంలో వాటి పాత్ర చాలా తక్కువని, జనం తరచూ తప్పుగా రాసే పేర్లకు మాత్రం పనికొస్తాయని యూట్యూబే చెబుతుంది. మన ఊరి పేరుకి ఉన్న రెండు మూడు ఇంగ్లీషు స్పెల్లింగులు అక్కడ పడేస్తే చాలు. ట్యాగుల మూటని తెచ్చి వివరణలో కుమ్మరించడం మాత్రం యూట్యూబ్ నిబంధనలకే విరుద్ధం. అలాగే ఇతర కంపెనీల పేర్లు, సినిమా హీరోల పేర్లు తగిలించడం కూడా. “పిల్లల కోసం చేసిందా” అన్న ప్రశ్నకు స్ప్రేయర్ షాపు కాదని చెప్పాలి. బొమ్మలు, చిన్నపిల్లల సైకిళ్ళు అమ్మేవాళ్ళు ఇక్కడ తడబడతారు. తల్లిదండ్రులకు వస్తువు చూపించే వీడియోకి అవును అని నొక్కితే కామెంట్లు మూసుకుపోతాయి, రేటు అడగాలనుకున్నవాడు అడగలేడు.

ఇంత రాశాక కూడా ఊళ్ళో వాళ్ళు ఎక్కువమంది ఆ వీడియోని యూట్యూబ్‌లో వెతికి చూడరు. వాట్సాప్ గ్రూపుల్లో చూస్తారు. ఇక్కడ ఒక తేడా ఉంది. యూట్యూబ్ లింకు పంపితే దాని వెంట టైటిల్, థంబ్‌నెయిల్ కూడా గ్రూపులో కనిపిస్తాయి. మనం ఎన్నుకున్న ఊరి పేరు, ప్రశ్న అక్కడ పలుకుతాయి. వీడియో ఫైలునే నేరుగా పంపితే ఆ రాతల్లో ఒక్కటీ వెంట రాదు. ఇద్దరు ముగ్గురు ఫార్వర్డ్ చేశాక అది ఎవరి షాపో, ఏ ఊరో తెలియని అనాథ వీడియో. డేటా ఖర్చని, లింకు నొక్కరని ఫైలే పంపాలనుకుంటే, వీడియో మొదటి సెకన్లలోనూ చివర్లోనూ ఊరు, షాపు పేరు తెర మీదే వేసి ఉండాలి.

గూగుల్ మ్యాప్స్‌లో షాపుకి పేజీ ఉంటే అక్కడా వీడియో పెట్టుకోవచ్చు. కాకపోతే అక్కడ 30 సెకన్ల లోపు, 75 ఎంబీ లోపు, కనీసం 720పి స్పష్టతతో ఉన్నదే తీసుకుంటారు. అయిదు నిమిషాల డెమోలోంచి నీళ్ళు కొట్టే ముక్క కత్తిరించి పెడితే సరి. దారి వెతుక్కుంటున్నవాడు చూసేది అదే, కాబట్టి నిజానికి కొనడానికి అందరికంటే దగ్గరగా ఉన్నది అతనే. అక్కడ చెయ్యకూడని పని ఒకటుంది. షాపు పేరు గడిలో బోర్డు మీద ఉన్న పేరే ఉండాలి. దానికి “బెస్ట్ స్ప్రేయర్ షాప్ ఇన్ నరసరావుపేట” అని తోక తగిలిస్తే గూగుల్ నిబంధనల ప్రకారం తప్పు, పేజీ నిలిపివేసే ప్రమాదం ఉంది.

రాసింది పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? వ్యూస్ చూస్తే తెలియదు. స్టూడియోలో అనలిటిక్స్‌లోకి వెళ్ళి, జనం ఎక్కడి నుంచి వస్తున్నారనే చోట యూట్యూబ్ సెర్చ్ తెరిస్తే, వాళ్ళు ఏ మాటలు కొట్టి వచ్చారో కొన్ని కనిపిస్తాయి. అక్కడ “చార్జింగ్ స్ప్రేయర్” లాంటి మాటల పక్కన ఊరి పేరు కూడా ఉంటే టైటిల్ తన పని చేస్తున్నట్టే. చిన్న చానెల్‌కి ఈ జాబితా పొట్టిగానే ఉంటుంది, దాని మీద పెద్ద తీర్పులు చెప్పలేం. అంతకంటే తొందరగా కబురు చెప్పేవి వచ్చే ప్రశ్నలు. “షాపెక్కడండీ?” అని పదే పదే అడుగుతున్నారంటే మొదటి లైను సరిగ్గా లేదని అర్థం. “కొరియర్ ఉందా?” అని వస్తుంటే ఊరి పేరు వాళ్ళ కంట పడలేదు. “ఇది పెట్రోలుదా, చార్జింగ్‌దా?” అంటే టైటిల్లో మాట మార్చాలి. ప్రశ్నలు తగ్గి “రేపు వస్తాం, ఉంటుందా?” అనే మెసేజ్‌లు పెరిగితే ఇక దాన్ని కదపక్కర్లేదు.

ఇప్పటికే అంకెల పేర్లతో పెట్టేసిన పాత వీడియోలు ఉంటే వాటిని తీసేసి మళ్ళీ ఎక్కించాలని కొందరు అనుకుంటారు. అలా చెయ్యకూడదు. తీసేస్తే పాత లింకు చచ్చిపోతుంది, గ్రూపుల్లో ఎవరో ఎప్పుడో పంపినవన్నీ ఖాళీ గడులవుతాయి, వ్యూస్, కామెంట్లు పోతాయి. టైటిల్, వివరణ, బొమ్మ మారిస్తే వీడియో లింకు మారదు, ఉన్నవన్నీ ఉంటాయి. ముందుగా పాత ఫోన్ నంబరు, పాత రేటు రాసి ఉన్నవాటిని సరిచెయ్యాలి, ఎందుకంటే అవి పేరు లేని వీడియోల కంటే ఎక్కువ చేటు చేస్తాయి. పాత రేటు నోటితో చెప్పేసిన వీడియో అయితే స్టూడియోలోని ఎడిటర్‌లో ఆ ముక్క కత్తిరించవచ్చు. అది సేవ్ కావడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, అప్పటిదాకా పాతదే ఆడుతుంది. కాబట్టి ఈ పని సీజన్ మొదలవక ముందే, షాపులో బేరాలు పలచగా ఉన్న రోజుల్లో పెట్టుకోవాలి.